కమాండర్: రంగుల హద్దులు, బల్ల దగ్గరి బేరాలు

మ్యాజిక్: ద గ్యాదరింగ్ అనే కార్డుల ఆటను సాధారణంగా నలుగురు కూర్చుని, ఎవరికి వారుగా ఆడే పద్ధతి పేరు కమాండర్. రిచర్డ్ గార్‌ఫీల్డ్ రూపొందించిన మ్యాజిక్‌ను అమెరికాలోని విజార్డ్స్ ఆఫ్ ద కోస్ట్ సంస్థ 1993లో విడుదల చేసింది. పేకాటలో అందరూ ఒకే పేకముక్కల కట్ట నుంచి పంచుకుంటారు. మ్యాజిక్‌లో మాత్రం ఎవరి డెక్ వారిదే. వేలాది కార్డుల్లోంచి నచ్చినవి ఏరి ఇంటి దగ్గరే డెక్ కట్టుకుని వస్తారు. అందుకే ఆటలో సగం బల్ల దగ్గరికి రాకముందే జరిగిపోతుంది. కమాండర్‌లో ఆ సగాన్ని నడిపించేది కలర్ ఐడెంటిటీ అనే నియమం. మిగతా సగాన్ని నడిపించేది మాట, నమ్మకం, బెదిరింపు, బేరం. ఈ రెండూ వేర్వేరు విషయాల్లా కనిపిస్తాయి గానీ మొదటిదే రెండోదానికి పుట్టిల్లు. ఈ వ్యాసం ముఖ్యంగా ఆ సంబంధం గురించే.

ఆట తెలియనివారి కోసం కొంత చెప్పాలి. ల్యాండ్ కార్డులు మానా అనే శక్తినిస్తాయి. ఆ మానా ఖర్చుపెట్టి క్రీచర్లను బల్ల మీదికి దింపుతారు, మంత్రాలు వేస్తారు, ఎన్‌చాంట్‌మెంట్లు (బల్ల మీదే ఉండిపోయే మంత్రాలు), ఆర్టిఫాక్ట్‌లు (వస్తువులు) పెడతారు. మానాకు ఐదు రంగులు: తెలుపు, నీలం, నలుపు, ఎరుపు, ఆకుపచ్చ. కమాండర్ డెక్‌లో సరిగ్గా 100 కార్డులుంటాయి. వాటిలో ఒకటి కమాండర్, అంటే సాధారణంగా లెజెండరీ అని రాసి ఉన్న క్రీచర్. అది డెక్‌లో కలవదు. ఆట మొదటి నుంచీ పక్కన అందరికీ కనిపించేలా ఉంటుంది, మానా సమకూరగానే దాన్ని దింపవచ్చు. అది చచ్చిపోతే మళ్లీ పక్కకు తెచ్చుకోవచ్చు గానీ, అక్కడి నుంచి దింపిన ప్రతిసారికీ తరువాతి ఖర్చు రెండు మానా చొప్పున పెరుగుతుంది. ఒక్కొక్కరికి 40 ప్రాణాలు. ఒకే కమాండర్ దాడుల్లో 21 ప్రాణాలు పోయినా ఓడిపోయినట్టే.

ఈ 21 వెనుక పద్ధతి పుట్టుక కథ ఉంది. 1994లో వచ్చిన లెజెండ్స్ అనే సెట్‌లో ఐదు ముసలి డ్రాగన్లు ఉన్నాయి: ఆర్కేడెస్ సబోత్, క్రోమియం, నికోల్ బోలాస్, పలాడియా-మోర్స్, వేవిక్టిస్ అస్మాడి. అలాస్కాలో ఆడం స్టేలీ, ఆయన మిత్రులు తలా ఒక డ్రాగన్‌ను నాయకుడిగా పెట్టుకుని ఆడటం మొదలుపెట్టారు. ఒక్కో డ్రాగన్ బలం ఏడు. అంటే మూడు దెబ్బలకు 21. ప్రతి డ్రాగన్‌కూ మూడు రంగులున్నాయి కాబట్టి డెక్ కూడా ఆ మూడు రంగుల్లోనే ఉండాలనుకున్నారు. ఎల్డర్ డ్రాగన్ హైలాండర్ అన్న ఆ ఆటను షెల్డన్ మెనరీ టోర్నమెంట్ల జడ్జీల మధ్యకు తీసుకెళ్లారు. పగలంతా ఇతరుల ఆటలకు తీర్పులు చెప్పిన జడ్జీలు రాత్రి తీరిగ్గా ఆడుకునే ఆటగా అది పాకింది. 2011లో విజార్డ్స్ సంస్థే కమాండర్ పేరుతో ఐదు తయారు డెక్‌లు అమ్మకానికి పెట్టింది.

ఒక్కో కార్డు ఒక్కటే

మామూలు మ్యాజిక్‌లో 60 కార్డుల డెక్‌లో ఒకే కార్డు నాలుగు దాకా పెట్టుకోవచ్చు. కమాండర్‌లో బేసిక్ ల్యాండ్లు తప్ప ఏ కార్డైనా ఒక్కటే ఉండాలి. తమ మీద వేరేగా రాసి ఉన్న రెలెంట్‌లెస్ ర్యాట్స్ లాంటి కొద్ది కార్డులకే మినహాయింపు. దీని ప్రభావం లెక్కలో స్పష్టంగా కనబడుతుంది. 60 కార్డుల డెక్‌లో నాలుగు ప్రతులున్న కార్డు, మొదట చేతికి వచ్చే ఏడింటిలో కనీసం ఒకటైనా వచ్చే అవకాశం దాదాపు 40 శాతం. 99 కార్డుల్లో ఒక్కటే ఉన్న కార్డు మొదటి ఏడింటిలో వచ్చే అవకాశం ఏడు శాతమే.

కాబట్టి కమాండర్ ఆడేవారు కార్డును కాకుండా పనిని లెక్కపెట్టుకుంటారు. తొందరగా మానా పెంచే కార్డులు పది పెడితే, వాటిలో ఒకటైనా మొదటి చేతిలో ఉండే అవకాశం 54 శాతం దగ్గరికి వస్తుంది. పేర్లు పది, పని ఒకటి. డెక్‌లో ప్రతి అవసరమైన పనికీ ఇలాంటి వరుస ఒకటి కట్టుకోవాలి: కార్డులు తీసేవి, క్రీచర్లను చంపేవి, ఎన్‌చాంట్‌మెంట్లను పగలగొట్టేవి. అయితే ఒక పనికి పది కార్డులు పెట్టాలంటే ఆ పది మన రంగుల్లో దొరకాలి. రంగుల నియమం కరకుగా తగిలేది ఇక్కడే.

కలర్ ఐడెంటిటీ

నియమం వినడానికి చిన్నది. డెక్‌లోని ఏ కార్డు మీదా, కమాండర్ కార్డు మీద లేని రంగు మానా గుర్తు ఉండకూడదు. చూడాల్సింది పై మూల ఖర్చును మాత్రమే కాదు. కార్డు మీద రాసిన నియమాల్లోని గుర్తులు, పక్కన రంగును సూచించే చుక్క, రెండు ముఖాల కార్డైతే వెనక ముఖం కూడా లెక్కలోకి వస్తాయి. వివరణ కోసం బ్రాకెట్లలో వాలు అక్షరాలతో అచ్చు వేసిన భాగం మాత్రం లెక్కలోకి రాదు.

దీన్ని అర్థం చేసుకోవడానికి అలేషా, హూ స్మైల్స్ ఎట్ డెత్ మంచి ఉదాహరణ. ఖర్చు మూడు మానా, అందులో ఒకటి ఎరుపు. పై మూల చూసినవారు ఇది ఎర్ర కమాండర్ అనుకుంటారు. కింద చదివితే, దాడికి వెళ్లినప్పుడు "తెలుపు లేదా నలుపు" మానా రెండు చెల్లించి, చచ్చిపోయిన ఒక చిన్న క్రీచర్‌ను తిరిగి బల్ల మీదికి తెచ్చుకోవచ్చని ఉంటుంది. ఆ సగం తెలుపు, సగం నలుపు గుర్తు వల్ల అలేషా ఎరుపు, తెలుపు, నలుపు మూడు రంగుల కమాండర్ అవుతుంది. డెక్ పరిధి ఒక్కసారిగా మూడింతలవుతుంది.

అదే జంట గుర్తు కమాండర్ మీద కాకుండా డెక్‌లోని కార్డు మీద ఉంటే, తలుపు తెరిచే బదులు మూసేస్తుంది. కిచెన్ ఫింక్స్ అనే కార్డును ఆకుపచ్చతో గానీ తెలుపుతో గానీ వేసుకోవచ్చు. మామూలు మ్యాజిక్‌లో పూర్తి ఆకుపచ్చ డెక్‌లో హాయిగా ఇముడుతుంది. కమాండర్‌లో చిరకాలంగా నడిచిన నియమం ప్రకారం అది రెండు రంగుల కార్డే. రెండు రంగులూ ఉన్న డెక్‌లో తప్ప దానికి చోటు లేదు. ఆట రూపకర్తల్లో ప్రముఖుడైన మార్క్ రోజ్‌వాటర్ దీన్ని బహిరంగంగానే వ్యతిరేకించారు. ఏదో ఒక రంగుతో వేసుకోవడానికే కదా ఆ గుర్తును సృష్టించింది అన్నది ఆయన వాదన. ఆటను తయారు చేసేవారి వైపు నుంచి చూస్తే అందులో న్యాయం ఉంది. కానీ "గుర్తు కనిపిస్తే లెక్కే" అన్న సూటి నియమానికి ఉన్న సౌలభ్యం కూడా తక్కువది కాదు. కొత్తగా వచ్చినవారికి ఒక్క వాక్యంలో చెప్పేయవచ్చు.

తప్పులు సాధారణంగా రెండు చోట్ల జరుగుతాయి. మొదటిది, పెట్టుకోగల కార్డును వదిలేయడం. బ్లైండ్ ఒబీడియన్స్ తెల్ల కార్డు. దాని కింద తెలుపు-నలుపు జంట గుర్తు కనిపిస్తుంది. కానీ అది బ్రాకెట్ల వివరణలో ఉంది కాబట్టి పూర్తి తెలుపు డెక్‌లో పెట్టవచ్చు. పొల్యూటెడ్ డెల్టా అనే ల్యాండ్ మీద నీలం, నలుపు ల్యాండ్ల పేర్లు మాటల్లో ఉన్నాయే గానీ గుర్తులు లేవు. కాబట్టి దానికి రంగే లేదు, ఏ డెక్‌లోనైనా ఉండవచ్చు. రెండోది, పెట్టకూడనిదాన్ని పెట్టడం. రంగులేని ఆర్టిఫాక్ట్‌లా కనబడే కార్డు కింద ఎక్కడో ఒక ఎర్ర మానా గుర్తు ఉంటుంది. డెక్ పూర్తయ్యాక ఒకసారి కార్డులన్నిటినీ బల్ల మీద పరిచి, పై మూలను వదిలేసి కింది రాత మాత్రమే చూస్తూ వెళ్తే ఇలాంటివి బయటపడతాయి.

ప్రతి డెక్‌లోనూ ఒక లోటు

హద్దు ఎందుకు బాధిస్తుందంటే, మ్యాజిక్‌లో ఏ రంగూ అన్ని పనులూ చేయలేదు. ఎరుపు క్రీచర్లను కాల్చేస్తుంది, ఆర్టిఫాక్ట్‌లను పగలగొడుతుంది. ఎన్‌చాంట్‌మెంట్ ముందు మాత్రం దాదాపు నిస్సహాయం. 2011 డెక్‌లలో మొదట వచ్చిన కేయాస్ వార్ప్ లాంటి అరుదైన మినహాయింపులున్నాయి. అది కూడా ఎదుటివారి కార్డును వాళ్ల డెక్‌లో కలిపేసి, పై కార్డు బల్ల మీద ఉండే రకమైతే దాన్ని ఉచితంగా ఇచ్చేస్తుంది. నలుపు ఏ క్రీచర్‌నైనా చంపుతుంది, చచ్చినవాటిని లేపుతుంది. వస్తువుల దగ్గర, ఎన్‌చాంట్‌మెంట్ల దగ్గర తడబడుతుంది. ఆకుపచ్చకు మానా కొదవ లేదు, వస్తువులనూ ఎన్‌చాంట్‌మెంట్లనూ తేలిగ్గా పగలగొడుతుంది. క్రీచర్‌ను తీసేయాలంటే మాత్రం తన క్రీచర్‌ను దానితో కొట్లాడించాల్సిందే. నీలం ఎదుటివారి మంత్రాన్ని గాల్లోనే ఆపేస్తుంది. అప్పటికే బల్ల మీదికి వచ్చినదాన్ని సాధారణంగా చేతిలోకి తిప్పి పంపగలదంతే. తెలుపు దేన్నైనా తీసేయగలదు, అందరి క్రీచర్లనూ ఒక్క దెబ్బతో తుడిచేయగలదు. కార్డులు తీసుకోవడంలో, మానా పెంచుకోవడంలో మాత్రం చాలా ఏళ్లపాటు వెనకబడే ఉంది.

మరి ఐదు రంగుల కమాండర్‌నే పెట్టుకుంటే సరిపోదా? పెట్టుకోవచ్చు, చాలామంది పెట్టుకుంటారు. ఖరీదు మరోలా చెల్లించాలి. 37 దగ్గర ఉండే ల్యాండ్లలో ఐదు రంగులూ సకాలంలో రావాలంటే రెండు మూడు రంగులిచ్చే ల్యాండ్లు కావాలి. చవగ్గా దొరికేవి చాలావరకు ఆలస్యంగా పనిచేస్తాయి. వెంటనే పనిచేసేవి డబ్బు పెట్టి కొనుక్కోవాలి. చేతిలో మంచి కార్డులుండి సరైన రంగు మానా లేక రెండు మూడు వంతులు ఊరికే గడిపేయడం ఐదు రంగుల డెక్‌ల పాత జబ్బు. కమాండర్ రంగులకు తగిన మానా ఇచ్చే కమాండ్ టవర్ ల్యాండ్, ఆర్కేన్ సిగ్నెట్ లాంటివి ఉపశమనం ఇస్తాయి. కానీ ఒక్కో కార్డు ఒక్కటే కదా.

అందువల్ల బల్ల దగ్గర కూర్చున్న దాదాపు ప్రతివారి డెక్‌లోనూ తాము చేయలేని పని ఒకటి ఉంటుంది. ఇద్దరి ఆటలో అయితే ఆ లోటు నేరుగా ఓటమికి దారి. నలుగురి ఆటలో అలా కాదు. మన రంగులకు చేతకాని పని ఎదురుగా కూర్చున్నవారి రంగులకు చేతనవుతుంది. అడిగి చేయించుకోవాలి. వాళ్లు ఊరికే చేయరు. బల్ల దగ్గరి రాజకీయం ఆటగాళ్ల స్వభావం వల్ల పుట్టిందని చాలామంది అనుకుంటారు. నా ఉద్దేశంలో దాని వేరు రంగుల నియమంలోనే ఉంది.

దీనికి తోడు నలుగురి ఆటలో ఇచ్చిపుచ్చుకోవడాల లెక్కే వేరు. స్వోర్డ్స్ టు ప్లౌషేర్స్ అనే కార్డు ఒకే ఒక్క తెల్ల మానాతో ఏ క్రీచర్‌నైనా ఆటలోంచి తీసేస్తుంది. ఇద్దరి ఆటలో నా కార్డు ఒకటి, మీ కార్డు ఒకటి పోయి లెక్క సమానం. నలుగురిలో అయితే నాదొకటి, మీదొకటి పోయి, ఏమీ ఖర్చుపెట్టని మిగతా ఇద్దరూ లాభపడతారు. ఎదుటివాళ్ల ముగ్గురికీ కలిపి 120 ప్రాణాలు. ఒక్కరి చేతి కార్డులతో ఆ ముగ్గురినీ అదుపులో పెట్టడం కుదరని పని. కాబట్టి నా స్వోర్డ్స్‌ను ఎప్పుడు, ఎవరి మీద వాడాలన్న దానికంటే, నేను వాడకుండానే ఆ పని వేరొకరి చేత ఎలా చేయించాలన్నది ఎక్కువ విలువైన ప్రశ్న.

ఒక ఆట

నలుగురు కూర్చున్నారనుకుందాం. మొదటి ఆటగాడి కమాండర్ మెరెన్ ఆఫ్ క్లాన్ నెల్ తోత్, నలుపు-ఆకుపచ్చ. అతని మిగతా క్రీచర్లు చచ్చినప్పుడల్లా మెరెన్ వల్ల ఒక అనుభవ గుర్తు వస్తుంది. తన వంతు చివర్లో, ఉన్న గుర్తులకు మించని ఖర్చుగల క్రీచర్ ఒకటి బతికి తిరిగి వస్తుంది. అతని తరువాత క్రెంకో, మాబ్ బాస్. ఇది పూర్తి ఎరుపు. క్రెంకోను వాడిన ప్రతిసారీ బల్ల మీద తన గాబ్లిన్లు ఎన్నుంటే అన్ని కొత్త గాబ్లిన్లు వస్తాయి. మూడోది హీలియోడ్, గాడ్ ఆఫ్ ద సన్, పూర్తి తెలుపు. నాలుగోది టాల్రాండ్, స్కై సమనర్, పూర్తి నీలం.

క్రెంకో నాలుగో వంతులో దిగాడు. అతను కూడా గాబ్లినే. ఐదో వంతులో ఒకటి రెండయ్యింది, తరువాత నాలుగు, ఎనిమిది, ఎనిమిదో వంతుకు 16. తెల్ల ఆటగాడు మొదట్లోనే ఘోస్ట్‌లీ ప్రిజన్ అనే ఎన్‌చాంట్‌మెంట్ పెట్టుకున్నాడు. అతని మీద దాడి చేసే ప్రతి క్రీచర్‌కూ రెండు మానా చెల్లించాలి. క్రెంకోను పక్కనబెట్టినా తొమ్మిదో వంతులో దాడికి వెళ్లగల గాబ్లిన్లు 15. చెల్లించాల్సింది 30 మానా, ఉన్నది తొమ్మిది. దాంతో గాబ్లిన్లన్నీ ఇప్పటిదాకా నీలం మీదికీ మెరెన్ మీదికీ వెళ్తున్నాయి. తెల్ల ఆటగాడి 40 ప్రాణాలూ పదిలం.

ఎర్ర ఆటగాడి 99 కార్డుల్లో ఈ ప్రిజన్‌ను తీయగలిగేది కేయాస్ వార్ప్ ఒక్కటే, అది చేతికి రాలేదు. మెరెన్ ఆటగాడి చేతిలో మాత్రం రెక్లమేషన్ సేజ్ ఉంది. మూడు మానాల ఆకుపచ్చ క్రీచర్, దిగగానే ఒక ఆర్టిఫాక్ట్‌ను గానీ ఎన్‌చాంట్‌మెంట్‌ను గానీ పగలగొడుతుంది. బేరం ఇలా మొదలవుతుంది.

"ఆ ప్రిజన్ తీసేయండి. వచ్చే నా రెండు దాడుల్లో మీ వైపు ఒక్క గాబ్లిన్ కూడా రాదు," అంటాడు క్రెంకో ఆటగాడు.

"తీయొద్దు. అది పోతే నా చేతిలో ఉన్నది వాడక తప్పదు. అప్పుడు మీ క్రీచర్లూ మిగలవు," అంటాడు తెల్ల ఆటగాడు.

ఈ బెదిరింపు మరొకరి మీద పనిచేసేదేమో. మెరెన్ డెక్ నలుపు-ఆకుపచ్చ. క్రీచర్లు చావడం అతనికి నష్టం కాదు, పెట్టుబడి. పైగా ప్రిజన్ అడ్డుగా ఉన్నంతకాలం గాబ్లిన్లు తన మీదికే వస్తాయి. నీలం ఆటగాడికీ అదే బాధ. కౌంటర్‌స్పెల్ ఉన్నా సేజ్‌ను ఆపకుండా ఊరుకున్నాడు. సేజ్ దిగింది, ప్రిజన్ పోయింది.

క్రెంకో వంతు. క్రెంకోను మళ్లీ వాడుకుని గాబ్లిన్లను 32 చేసి, పాత 15తో తెల్లవాడి మీద పడ్డాడు. 40లోంచి 25 మిగిలాయి. వచ్చే దాడికి 31 వస్తాయి. తెల్లవాడికి మరో దారి లేదు. నాలుగు మానాలతో రాత్ ఆఫ్ గాడ్ వేశాడు, బల్ల మీద క్రీచర్లన్నీ చచ్చిపోయాయి. హీలియోడ్ నాశనం కాని కార్డు, అతను నిలిచాడు. గాబ్లిన్ల దండు మాయమైంది. క్రెంకోను తిరిగి దింపాలంటే ఇప్పుడు ఆరు మానా. టాల్రాండ్ కూడా పోయాడు. మెరెన్‌తోపాటు ఒకేసారి చచ్చిన సేజ్, మరో రెండు క్రీచర్లు మూడు అనుభవ గుర్తులిచ్చాయి. తన పదో వంతులో ఆరు మానాలతో మెరెన్‌ను మళ్లీ దింపాడు. ఆ వంతు చివర్లో మూడు మానాల సేజ్ దానంతటదే తిరిగొచ్చి మరో వస్తువును పగలగొట్టింది. బేరంలో ఇద్దరూ మాట నిలబెట్టుకున్నారు. లాభం మాత్రం ఒక్కరికే.

క్రెంకో ఆటగాడు ఎక్కడ పొరబడ్డాడు? బేరం ఆడటంలో కాదు, ఒకరితోనే ఆడటంలో. తెల్లవాడు కొన్ని వంతులుగా కొత్త క్రీచర్‌ను దింపలేదు, చేతి నిండా కార్డులున్నాయి, నాలుగు మానా ఎప్పుడూ మిగులుతోంది. అందరినీ తుడిచేసే కార్డు చేతిలో ఉందనడానికి ఇంతకంటే గుర్తులు అక్కర్లేదు. ఎరుపుకు రెండు పనులు చేతకావు: ఎన్‌చాంట్‌మెంట్‌ను తీయడం, ఎదుటి మంత్రాన్ని ఆపడం. మొదటిది ఆకుపచ్చ దగ్గర కొన్నాడు. రెండోది నీలం దగ్గర దొరికేది, కానీ 32 గాబ్లిన్లను చూశాక నీలం ఏ ధరకూ అమ్మదు. తెల్లవాడు చచ్చాక ఆ దండు వచ్చేది తన మీదికే కదా. ఆ వంతులో క్రెంకోను వాడకుండా, ఎనిమిదో పదో గాబ్లిన్లను తన దగ్గరే కాపలాగా ఉంచుకుని చిన్నగా దాడి చేసి ఉంటే, రాత్ పడే అవసరమూ తక్కువ, నీలం మద్దతు ధరా తక్కువ. బలం పెరిగేకొద్దీ మిత్రుల ధర పెరుగుతుంది.

మాటకు ఎంత విలువ

ఆటగాళ్ల మధ్య ఒప్పందాలకు నియమాల్లో బలం లేదు. చేతులు కలిపి మాటిచ్చినా తప్పవచ్చు, ఏ జడ్జీ అడ్డుపడడు. అయినా చాలా ఒప్పందాలు నిలుస్తాయి. కారణం, ఈ ఆట సాధారణంగా అదే మిత్రబృందంతో వారం వారం జరుగుతుంది. ఒక ఆటలో మాట తప్పి గెలిచినవారికి తరువాతి ఆటల్లో ఎవరూ బేరం ఇవ్వరు. నిలబడే ఒప్పందం ఎప్పుడూ కొలతతో ఉంటుంది: ఎన్ని వంతులు, ఏ క్రీచర్‌తో, ఏ పనికి. "నేను మీ జోలికి రాను, మీరు నా జోలికి రావద్దు" అన్న హద్దులేని మాటే మధ్యలో తగువు తెచ్చేది. చివరికి ఇద్దరే మిగిలినప్పుడు ఆ మాటకు అర్థం ఏమిటో ఎవరూ చెప్పలేరు.

ఒప్పందం లేకుండానే నలుగురినీ చిక్కుల్లో పెట్టే కార్డులున్నాయి. 2000లో వచ్చిన రిస్టిక్ స్టడీ వాటిలో బహుశా అందరికీ ఎక్కువ తెలిసినది. మూడు మానాల నీలం ఎన్‌చాంట్‌మెంట్. ఎదుటివారు ఏ మంత్రం వేసినా ఒక మానా అదనంగా కట్టాలి, కట్టకపోతే దాని యజమాని ఒక కార్డు తీసుకుంటాడు. ఒక్కసారికి చూస్తే కట్టకపోవడమే నయం. ఆ మానాతో ఇంకేదో చేసుకోవచ్చు, నష్టం ఒక్క కార్డే. ముగ్గురూ అలాగే అనుకుంటే ఒక చుట్టు తిరిగేసరికి నీలం ఆటగాడి చేతిలో నాలుగైదు కొత్త కార్డులుంటాయి. ముగ్గురూ కట్టుబడి కడితే ఆ కార్డు దాదాపు వృథా. ఇద్దరు కట్టి ఒకరు కట్టకపోతే, కట్టిన ఇద్దరూ నెమ్మదిస్తారు, కట్టనివాడు వేగంగా సాగిపోతాడు. ముగ్గురి మధ్య నమ్మకం ఎంతుందో ఇంత కచ్చితంగా కొలిచే కార్డు నాకు మరొకటి కనిపించదు.

ఆట తయారుచేసేవారు ఈ రాజకీయాన్ని గమనించి దానికోసమే కార్డులు రాశారు. 2014 నాటి కాన్‌స్పిరసీ సెట్‌లో ఓటింగ్ వచ్చింది. కౌన్సిల్స్ జడ్జ్‌మెంట్ వేస్తే బల్ల దగ్గర ఒక్కొక్కరూ వేసినవారిది కాని ఒక కార్డుకు ఓటేస్తారు, ఎక్కువ ఓట్లు పడింది ఆటలోంచి పోతుంది. సమానమైతే సమానమైనవన్నీ పోతాయి. 2016లో దాని రెండో సెట్‌లో రాచరికం వచ్చింది. రాజుగా ఉన్నవారికి వంతు చివర్లో ఒక కార్డు అదనంగా వస్తుంది. రాజును కొట్టి దెబ్బ తగిలించినవారికి కిరీటం వెళ్లిపోతుంది. ఎవరూ ఎవరినీ కొట్టకుండా కూర్చునే బల్లలో దాడికి ఇదొక కారణం అవుతుంది. అదే సెట్‌లోని గోడ్ అనే ప్రభావం క్రీచర్‌ను తన యజమాని ఇష్టంతో సంబంధం లేకుండా దాడికి తోస్తుంది, అది కూడా వీలైతే దాన్ని ఉసిగొల్పినవారి మీదికి కాకుండా మరొకరి మీదికి.

రాజకీయం చెడేది ఎప్పుడు

తాను గెలవలేనని తేలిపోయినవారు ఎవరు గెలవాలో నిర్ణయించే స్థితికి రావడం ఇందులో చాలా మొండి సమస్య. చేతిలో ఒక్క కార్డు మిగిలి, దాన్ని ఎవరి మీద వేస్తే వారు ఓడిపోతారన్నప్పుడు, పాత పగ తీర్చుకోవడమో స్నేహితుణ్ని గెలిపించడమో జరుగుతుంది. నియమం దీన్ని ఆపలేదు. కొన్ని బృందాలు, తాము గెలవలేకున్నా ప్రతివారూ తమ స్థానం మెరుగుపడే నిర్ణయమే తీసుకోవాలని ముందే ఒప్పుకుంటాయి. రెండో సమస్య నెమ్మది. ముందుగా దాడి చేసినవారు అందరికీ శత్రువులవుతారన్న భయంతో ఎవరూ కదలరు, ఆట గంటలకొద్దీ సాగుతుంది. ముందే ఓడినవారు అంతసేపూ పక్కన కూర్చుని చూడాలి.

మూడోది వేరే రకం. నలుగురి డెక్‌ల బలం మధ్య పెద్ద తేడా ఉంటే ఏ రాజకీయమూ పనిచేయదు. ముగ్గురు కలిసినా ఆపలేని డెక్ ముందు బేరానికి చోటేది? ఈ తేడాను అదుపు చేయడానికి చాలా ఏళ్లపాటు ఒక స్వతంత్ర నియమాల కమిటీ నిషేధాల జాబితా చూసుకుంది. మెనరీ అందులో ముఖ్యుడు, ఆయన 2023లో మరణించారు. 2024 సెప్టెంబరులో కమిటీ మానా క్రిప్ట్, జ్యువెల్డ్ లోటస్, డాక్‌సైడ్ ఎక్స్‌టార్షనిస్ట్‌తో పాటు నాడు అనే కార్డును కూడా నిషేధించింది. మొదటి మూడూ తొలి వంతుల్లోనే మానా కుప్పలు పోసే ఖరీదైన కార్డులు. వాటిని కొనుక్కున్నవారిలో కొందరు కమిటీ సభ్యులను బెదిరించే దాకా వెళ్లారు. ఆ నెల ముగిసేలోపే కమిటీ బాధ్యతను విజార్డ్స్ సంస్థకు అప్పగించింది.

2025 ఫిబ్రవరిలో సంస్థ ఐదు స్థాయిల పద్ధతిని ప్రయోగాత్మకంగా తెచ్చింది. సరదా డెక్‌లది మొదటి స్థాయి, పూర్తి పోటీ డెక్‌లది ఐదోది. ఆటను ఒక్క చేత్తో తిప్పగల కార్డులను గేమ్ ఛేంజర్లని ఒక జాబితాలో పెట్టారు. రిస్టిక్ స్టడీ అందులో ఉంది. మొదటి రెండు స్థాయిల్లో ఆ జాబితా కార్డు ఒక్కటి కూడా ఉండకూడదు, మూడో స్థాయిలో మూడు దాకా ఉండవచ్చు. స్థాయి ఏమిటో ప్రకటించేది డెక్ యజమానే. దాన్ని నమ్మాలో లేదో, అభ్యంతరం ఉంటే ఏ కార్డు మార్చమనాలో మిగతా ముగ్గురూ అతనితో మాట్లాడి తేల్చుకోవాలి. మొదటి ల్యాండ్ బల్ల మీద పడకముందే జరిగే బేరం అది.